బొమ్మ పెదాలు ఎందుకు కలవడం లేదు? ఫోన్ ఫేస్ క్యాప్చర్ క్లీనప్

[తెర మీద: చిన్నపిల్ల క్యారెక్టర్ "అమ్మా, బువ్వ పెట్టు" అంటుంది.]

"పెట్టు" దగ్గర పెదాలు చూడండి. శబ్దం వచ్చింది, పెదాలు మాత్రం కలవలేదు. యూసుఫ్‌గూడలోని మా గదిలో ఐఫోన్‌తో రికార్డ్ చేసిన టేక్ ఇది. లైవ్ లింక్ ఫేస్ యాప్ ఆపిల్ వాళ్ల ఏఆర్‌కిట్ సాయంతో మొహాన్ని 52 బ్లెండ్ షేపులుగా, అంటే దవడ తెరవడం, కనుబొమ్మ ఎత్తడం లాంటి విడివిడి కదలికలుగా విడదీస్తుంది. ఒక్కో షేపుకి 0 నుంచి 1 లోపు విలువ, సెకనుకు 60 ఫ్రేములు.

[తెర మీద: JawOpen గ్రాఫ్.]

నటి నోరు మూసుకుని ఊరికే కూర్చున్నా, దవడ ఎంత తెరుచుకుందో చెప్పే JawOpen 0.05 దగ్గరే ఉంది. పూర్తిగా తెరిస్తే 0.85. అందుకే ప్రతి టేక్ మొదట్లో ఈ రెండూ రికార్డ్ చేయించుకోవాలి. పైగా మన పిల్ల మొహం చిన్నది, దవడ 0.7 దాటితే బుగ్గ చిరిగినట్టు కనిపిస్తుంది. ఈ మూడు అంకెలూ ఒకే సూత్రంలో పెట్టొచ్చు:

```
out = limit * clamp((v - rest) / (peak - rest), 0, 1)
```

ఫోన్ 0.45 ఇస్తే, రెస్ట్ తీసేసి 0.80తో భాగిస్తే 0.5. దాన్ని 0.7తో గుణిస్తే 0.35. నేరుగా 0.7 దగ్గర కోసేయకండి. అలా కోస్తే పెద్దగా అరిచే చోట దవడ కొన్ని ఫ్రేములు బిగుసుకుపోతుంది.

[తెర మీద: స్మూతింగ్‌కి ముందు, తర్వాత MouthClose.]

ఇక అసలు తప్పు. వణుకు పోవాలని అన్ని షేపులకీ ఒకే స్మూతింగ్ పెట్టేస్తారు. "పె"లో పెదాలు కలిసేది మూడు ఫ్రేములే అనుకుందాం. ఐదు ఫ్రేముల సగటు తీస్తే MouthClose ఉండాల్సిన విలువలో 0.6 వంతే మిగులుతుంది. "అమ్మా"లో ద్విత్వం కాబట్టి పెదాలు ఎక్కువసేపు కలిసుంటాయి, అది బతికిపోతుంది. అందుకే తప్పు ఒక చోట కనిపించి, ఇంకో చోట కనిపించదు. కనుబొమ్మలకి ఐదు కాదు, తొమ్మిది ఫ్రేములైనా పర్లేదు. MouthClose, కంటి రెప్పల జోలికి మాత్రం దాదాపుగా వెళ్లకండి, మరీ వణికితే మూడు ఫ్రేముల మీడియన్ చాలు. సగటు తీసేటప్పుడు ముందు ఫ్రేములూ తర్వాత ఫ్రేములూ సమానంగా తీసుకోండి, లేకపోతే పెదాలు మాట వెనకాల నడుస్తాయి.

[తెర మీద: పెదాలు ఒకదాన్లోంచి ఒకటి దూసుకెళ్లిన క్లోజప్.]

స్మూతింగ్ తగ్గించాక ఇది వచ్చింది. MouthClose పనల్లా దవడ తెరిచి ఉండగా పెదాలని కలపడం, కాబట్టి దాని విలువ JawOpenని దాటకూడదు. మనం దవడని 0.35కి తగ్గించాం, MouthCloseని ఫోన్ ఇచ్చిన 0.38 దగ్గరే వదిలేశాం. దాని రెస్ట్ దాదాపు సున్నాయే కనక, దవడకి వాడిన నిష్పత్తే, అంటే 0.7ని 0.80తో భాగిస్తే వచ్చే 0.875, దీనికీ వాడితే 0.33 అవుతుంది. ఆ తర్వాత కూడా ఎక్కడైనా దాటితే JawOpen విలువ దగ్గరే ఆపేయండి.

[తెర మీద: సరిచేసిన షాట్, పావు వేగంతో.]

సౌండ్ ఆపి, ప, బ, మ వచ్చే ప్రతి చోటా ఫ్రేము ఫ్రేముగా జరపండి. ఒక్క ఫ్రేములోనైనా పెదాల మధ్య గీత పూర్తిగా మూసుకోవాలి. మూసుకోకపోతే ఆ చోట కీ చేత్తో పెట్టేయండి, ఫిల్టర్‌తో కుస్తీ పట్టడం కంటే అదే త్వరగా అయిపోతుంది.