మొదటి ప్రోడక్ట్ ఆడలేదు, మరి కొత్త ప్లాన్‌లో ఏం రాయాలి?

[తెర మీద: పాత ప్లాన్ మొదటి పేజీ. ఒకే ఒక్క వాక్యం కింద ఎర్ర గీత.]

మొదటి ప్రోడక్ట్ మూసేసిన వాళ్లు రెండోసారి రాసే ప్లాన్‌లలో ఒక పేరా ఎప్పుడూ కనిపిస్తుంది. "మార్కెటింగ్ సరిపోలేదు, మార్కెట్ ఇంకా సిద్ధంగా లేదు, ఈసారి ఆ తప్పులు చెయ్యం." చదివే ఇన్వెస్టర్‌కి గానీ, అప్పు ఇచ్చేవాళ్లకి గానీ దీనివల్ల ఒరిగేదేమీ లేదు. ఆ పేరాని ఏ ఫెయిలైన కంపెనీకి అతికించినా సరిపోతుంది కదా! వాళ్లకి తెలియాల్సింది పాత ప్లాన్‌లో ఏ వాక్యం అబద్ధమని తేలింది, దానివల్ల కొత్త ప్లాన్‌లో ఏ వాక్యం మారింది అన్నదే.

దీన్ని ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. అంకెలన్నీ కల్పితమే, లెక్క చేసే తీరు మాత్రం అసలుదే.

[తెర మీద: బళ్లు రిపేర్ చేసే షెడ్డు. అరలో చిన్న చిన్న విడిభాగాలు.]

ఇద్దరు కలిసి రిపేర్ షెడ్లకి ఒక యాప్ చేశారు. స్టాకులో ఏ విడిభాగం ఎన్ని ఉన్నాయో ఓనర్ ఫోన్‌లో ఎక్కిస్తాడు, అయిపోయే ముందు యాప్ గుర్తు చేస్తుంది. పాత ప్లాన్‌లో ఇలా రాసుకున్నారు: "విడిభాగాలు అయిపోవడం వల్ల షెడ్లు నష్టపోతున్నాయి కాబట్టి ఓనర్లు రోజూ స్టాకు ఎక్కిస్తారు." ఎర్ర గీత దీని కిందే.

40 షెడ్లు చేరాయి. ఎనిమిది వారాల తర్వాత వాడుతున్నవి 6. చేరిన వాళ్ల మొత్తం సంఖ్య పెరుగుతూనే ఉంది కాబట్టి చాలాకాలం అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. ఒకే వారంలో చేరిన వాళ్లని ఒక గుంపుగా పెట్టి, రెండో వారంలో ఎంతమంది మిగిలారు, నాలుగో వారంలో ఎంతమంది అని చూశాకే అసలు సంగతి బయటపడింది. ప్రతి గుంపూ మూడో వారానికే దాదాపు ఖాళీ అవుతోంది. కొత్త ప్లాన్‌లో పెట్టాల్సిన గ్రాఫ్ ఇదే. మొత్తం డౌన్‌లోడ్ల గ్రాఫ్ పెడితే అనుభవం ఉన్నవాళ్లు వెంటనే పట్టేస్తారు.

మరి ఎందుకు వదిలేశారు? ఫోన్ చేసి అడిగితే "టైం లేదండీ" అంటారు. అది మర్యాదకి చెప్పే మాట. ఇద్దరిలో ఒకరు వెళ్లి ఒక షెడ్డులో రోజంతా కూర్చున్నారు.

[తెర మీద: గ్రీజు అంటిన చేతులు. దూరంగా బల్ల మీద ఫోన్.]

మెకానిక్ అరలోంచి బేరింగ్ తీశాడు, బిగించాడు, వెంటనే ఇంకో బండి కిందకి దూరాడు. చేతులు తుడుచుకుని ఫోన్ తీసి "ఒకటి తగ్గింది" అని ఎక్కించే క్షణమే రాలేదు. సాయంత్రానికి యాప్‌లో అంకె ఒకటి, అరలో ఉన్నది ఇంకొకటి. అంకె తప్పని రెండుసార్లు తేలితే మూడోసారి ఎవరూ యాప్ తెరవరు. కారణం అంటే ఇలా ఉండాలి. "వాడటం కష్టంగా ఉంది" అని రాస్తే చాలదు. స్క్రీన్ మార్చినా, బటన్ పెద్దది చేసినా ఇది తీరదని కూడా ఈ ఒక్క రోజులోనే తెలిసిపోయింది.

ఇక మిగిలిన ఆ 6 షెడ్లు. వాళ్లు కూడా స్టాకు ఎక్కించడం మానేశారు. వాడుతున్నది యాప్‌లో ఒక మూల పెట్టిన చిన్న సౌకర్యం ఒక్కటే: సర్వీసు గడువు దగ్గరపడిన కస్టమర్‌కి మెసేజ్ పంపడం.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. "మా కొత్త దారి దొరికింది" అని రాసేస్తారు. ఆరుగురు, అదీ ఉచితంగా వాడుతున్నవాళ్లు! ఇది ఆధారం కాదు, ఒక సూచన మాత్రమే.

[తెర మీద: గ్లిచ్, స్లాక్ పేర్లు.]

స్లాక్ కథ చాలామందికి తెలుసు. టైనీ స్పెక్ అనే కంపెనీ 2011లో గ్లిచ్ అనే ఆన్‌లైన్ గేమ్ విడుదల చేసి, 2012 డిసెంబర్‌లో మూసేసింది. ఆ టీమ్ తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్న పనిముట్టే తర్వాత స్లాక్ అయింది. జనం ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. నాకు ముఖ్యం అనిపించేది మధ్యలో జరిగింది. వాళ్లు దాన్ని ముందు వేరే కంపెనీల చేత వాడించారు. పెద్ద టీమ్‌లు వాడటం మొదలుపెట్టాక, చిన్న టీమ్‌లో కనపడని ఇబ్బందులు బయటపడ్డాయి. వాటిని సరిచేసుకుంటూ వచ్చి 2014 ఫిబ్రవరిలో అందరికీ తెరిచారు. గేమ్ కోసం గీసిన బొమ్మల్ని కొత్త ప్రోడక్ట్‌లోకి ఈడ్చుకురాలేదు, ఎవరైనా వాడుకోండని జనానికి వదిలేశారు. "ఇంత కోడ్ రాశాం, వృథా ఎందుకు" అనుకుని కొత్త దారి ఎంచుకుంటే, ఆ సంగతి ప్లాన్ చదివేవాళ్లకి ఇట్టే కనిపిస్తుంది.

మళ్లీ షెడ్ల దగ్గరికి వద్దాం. కొత్త యాప్ కట్టకముందే ఇద్దరూ నాలుగు వారాలు చేత్తో పని చేశారు. 25 షెడ్లకి వెళ్లారు, 10 ఒప్పుకున్నాయి. సర్వీసు గడువు దాటిన 240 మంది కస్టమర్ల జాబితా తీశారు. చీటీలు వేసి సగం మందికి మెసేజ్ పంపారు, మిగతా సగానికి పంపలేదు. మెసేజ్ అందిన 120 మందిలో 31 మంది వచ్చారు, అందని 120 మందిలో 14 మంది. ఆ రెండో గుంపు లేకపోతే 31 అనే అంకెకి అర్థమే లేదు, ఎందుకంటే కొందరు ఎలాగూ వచ్చేవాళ్లే.

ఆ తర్వాత డబ్బు అడిగారు. మూడు నెలలకి ముందే కట్టమంటే 7 షెడ్లు కట్టాయి. కట్టని మూడూ ఏవి? డెంటింగ్, పెయింటింగ్ చేసేవి. వాటి జాబితాల్లో కలిపి 18 మందే ఉన్నారు. ఢీకొట్టిన బండికి సర్వీసు గడువు అంటూ ఉండదు కదా! ప్లాన్‌లో "అన్ని రకాల షెడ్లు" అన్న మాట పోయి "క్రమం తప్పకుండా సర్వీసు చేసే షెడ్లు" అన్న మాట వచ్చింది ఇందుకే. మార్కెట్ చిన్నదైంది. దాన్ని దాచకుండా రాయాలి. చదివేవాడికి మీ మీద నమ్మకం కుదిరేది నా ఉద్దేశంలో అక్కడే.

[తెర మీద: కొత్త ప్లాన్ రెండో పేజీ. నాలుగు గళ్లు ఉన్న ఒకే వరుస.]

ఇదంతా ప్లాన్ చివర అనుబంధంలో కాకుండా రెండో పేజీలో ఉండాలి. ఒక వరుస చాలు: ఏం నమ్మాం, ఏం జరిగింది, ఎలా తెలిసింది, ఏం మార్చాం. ఇలాంటి వరుసలు రెండు మూడు మించితే ఏది అసలు కారణమో మీకే తెలియలేదని అర్థం.

అంకెలు కూడా ఇక్కడినుంచే పుట్టాలి. పాత ప్లాన్‌లో ఏడాదికి 500 షెడ్లు అని రాశారు, అది ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు 25 షెడ్లు తిరిగితే 7 కట్టాయని తెలుసు, ఆ 25 తిరగడానికి ఒక మనిషికి మూడు వారాలు పట్టిందనీ తెలుసు. 30 షెడ్లు కావాలంటే వందకి పైగా తిరగాలి, అంటే ఒక మనిషికి దాదాపు మూడు నెలలు పడుతుంది. చేతిలో తొమ్మిది నెలలకి సరిపడా డబ్బుంది. ఐదో నెల చివరికి 30 షెడ్లు కట్టకపోయినా, మొదటి 7లో కనీసం 5 రెండోసారి కట్టకపోయినా ఆపేస్తామని రాశారు.

ఆ రెండో షరతు ఊరికే పెట్టలేదు. పరీక్ష నడిచింది నాలుగు వారాలే. గడువు దాటిన పాత కస్టమర్ల జాబితా అయిపోయాక, నెలనెలా వచ్చే కొద్దిమంది కోసం ఓనర్ మళ్లీ డబ్బు కడతాడా లేదా అన్నది ఇంకా తేలలేదు. ప్లాన్‌లో దాన్ని అలాగే, "ఇంకా తేలనిది" అనే శీర్షిక కింద రాశారు. పక్కన ఐదో నెల చివరి తేదీ, ఆ రోజు లెక్క తీసి ఇన్వెస్టర్‌కి పంపాల్సిన మనిషి పేరు.