‘పని పూర్తయినది’ అన్న ఒక్క మాటకు బిల్లు కదలదు

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న సైట్ ఇంజనీర్లకు, ప్రాజెక్ట్ మేనేజర్లకు నమస్కారం. భోజనాల వేళ దగ్గర పడింది. పలకరింపులు ఇంతటితో చాలించి కాగితం దగ్గరికి వస్తాను.

ఒక ఊళ్లో 90 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు కడుతున్నారనుకుందాం. ఒప్పందం విలువ 48 లక్షలు, చెల్లింపు దశలవారీగా. నాలుగో దశకు 20 శాతం. దానికి ఒప్పందంలో రాసుకున్న షరతు ఇది: “ట్యాంకు నింపి, ఐఎస్ 3370 ప్రకారం నీటి పరీక్ష జరిపి, ఇంజనీర్-ఇన్-ఛార్జ్ లిఖితపూర్వకంగా ఆమోదించిన తర్వాత.” ఆ డబ్బు కోసం ప్రాజెక్ట్ మేనేజర్ రాసిన నోటు చదువుతాను, వినండి.

“పై విషయమై మనవి చేయునదేమనగా, ట్యాంకు పని అన్ని విధాలా విజయవంతముగా పూర్తయినది. నీటి పరీక్ష కూడా సంతృప్తికరముగా జరిగినది. ఫోటోలు జతపరచడమైనది. కావున తదుపరి దశ బిల్లు వెంటనే విడుదల చేయగలరని కోరుచున్నాము.”

మర్యాదగానే ఉంది. కానీ దీన్ని చదివేది ట్యాంకును ఎన్నడూ చూడని అకౌంట్స్ సెక్షన్ మనిషి. ఆయన ముందు ఒప్పందం కాపీ ఉంటుంది. ఇది ఏ దశ, దాని షరతు ఏమిటి, ఆ షరతు తీరిందని ఎవరు సంతకం చేశారు, మొత్తం ఎంత? ఈ నాలుగింటికీ ఆ నోటులో జవాబు లేదు. ఆబ్జెక్షన్ రాసి వెనక్కి పంపడం తప్ప ఆయనకు వేరే దారి లేదు.

ముందుగా “అన్ని విధాలా” అన్న మాట కొట్టేయండి. రంగు వేయలేదు, పిడుగు నిరోధక కడ్డీ బిగించలేదు. అవి ఐదో దశ పనులు, ఇప్పుడు లేకపోవడం తప్పు కాదు. కానీ మీరు “అన్ని విధాలా” అని రాశాక తనిఖీకి వచ్చినాయన తలెత్తి చూస్తే కడ్డీ కనబడదు. అప్పుడు నిజంగా పూర్తయిన నీటి పరీక్ష మీద కూడా అనుమానం పడుతుంది. మిగిలిన పనులను మీరే ఒక వాక్యంలో రాసి, అవి ఏ దశవో చెప్పండి.

తర్వాత “సంతృప్తికరముగా.” ఎవరి సంతృప్తి? ఐఎస్ 3370 ఇందులో ఎవరి అభిప్రాయానికీ చోటివ్వలేదు. బయటి గోడలు కంటికి కనబడే ఓవర్‌హెడ్ ట్యాంకుకైతే, నింపాక ఏడు రోజులు కాంక్రీటు నీరు పీల్చుకోవడానికి వదలాలి. ఆ తర్వాత మరో ఏడు రోజులు గమనించాలి. ఆ ఏడు రోజులూ బయటి ముఖం మీద కారుడు కనబడకూడదు, గోడ పొడిగా ఉండాలి. నింపిన రోజు నుంచి లెక్కేస్తే పద్నాలుగు రోజులన్నమాట. నోటులో “15న నింపాము, 23న పరీక్ష ముగిసినది” అని తేదీలు పడితే చాలు, పరీక్ష ప్రమాణం ప్రకారం జరగలేదని మీ కాగితమే చెప్పేస్తుంది. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. పీల్చుకునే వారాన్నీ గమనించే వారాన్నీ కలిపేసి ఒక్కటే లెక్కేస్తారు.

ఇక ఫోటోలు. ఈ మాట కాస్త గట్టిగానే చెప్పాలి, దయచేసి వినండి. ఫోటోలు జతపరచి రుజువులు జతపరిచామనుకుంటున్నాం. నలభై ఫోటోలు, ఒక్కదానికీ తేదీ ఉండదు, ఏ వైపు గోడో తెలియదు. పైగా మధ్యాహ్నం ఎండలో తీసినవి. పొద్దున కనబడిన పలచటి తేమ మరక ఆ ఎండకు ఆరిపోతుంది. ఫోటో ఒక క్షణాన్ని చూపిస్తుంది, షరతు ఏడు రోజులది. ఆ ఏడు రోజులకు సాక్ష్యం పరీక్ష రిజిస్టరే. అందులో రోజూ పొద్దున నీటి మట్టం, నాలుగు వైపుల గోడ పరిస్థితి, పైపులు గోడలోంచి బయటికొచ్చే చోటు పరిస్థితి, చూసినవాళ్ల సంతకాలు ఉండాలి. ఫోటోలు పెట్టండి, కాదనను. రిజిస్టర్ పేజీకి తోడుగా రెండు చాలు.

అయినా అసలు చిక్కు రిజిస్టర్‌తో తీరదు. పని జరిగిందనే రుజువు వేరు, దాన్ని ఒప్పుకున్నారనే రుజువు వేరు. రిజిస్టర్‌లో ఏఈ గారు రోజూ సంతకం పెట్టి ఉండవచ్చు. ఆ సంతకం ‘నేను చూశాను’ అని చెబుతుంది. ‘నేను ఆమోదించాను’ అనే అధికారం ఒప్పందం ఎవరికిచ్చిందో చూడాలి. మన ఉదాహరణలో అది ఇంజనీర్-ఇన్-ఛార్జ్, అంటే ఈఈ గారు. కాబట్టి రిజిస్టరూ, జాయింట్ తనిఖీ నివేదికా ఆమోదానికి ఆధారాలు మాత్రమే. ఆమోదం అంటే ఈఈ గారి లేఖ. ఆ లేఖ రాకముందే నోటు పంపితే మీరు అడిగేది హక్కు ఇంకా పుట్టని డబ్బు. లేఖ ఆలస్యమవుతుంటే బిల్లు కోసం కాదు, లేఖ కోసం వేరే ఉత్తరం రాయండి.

మరకను దాచవద్దని ప్రత్యేకంగా చెప్పాలి. ఫిబ్రవరిలో జరిపిన మొదటి పరీక్షలో అవుట్‌లెట్ పైపు కింద తడి కనబడిందనుకోండి. నీళ్లు తీసేసి, గ్రౌటింగ్ చేసి, మళ్లీ నింపి పద్నాలుగు రోజులూ మొదటి నుంచి నడిపారు. నోటులో రెండో పరీక్ష ఒక్కటే రాస్తే, రిజిస్టర్ తిరగేసినవారికి ముందు పేజీల్లో ఫిబ్రవరి తడి కనబడుతుంది. దాచారన్న మాట ఫైలెక్కాక దాన్ని చెరపడం కష్టం. రెండు వాక్యాల్లో మీరే చెప్పేస్తే అదే మీ పనితనానికి రుజువవుతుంది.

ఇప్పుడు తిరగరాసిన నోటు. వెనక వరుసలోని వారికి వినబడుతోందా? నెమ్మదిగా చదువుతాను.

“ఒప్పందం చెల్లింపు షెడ్యూలులోని నాలుగో దశ, నీటి పరీక్ష, 21-3-2025న ఆమోదం పొందింది. ఈ దశకు రావలసిన రూ. 9,60,000 కోరుతున్నాము. ట్యాంకు నింపడం 3-3-2025న ముగిసింది (రిజిస్టర్ పేజీ 9). 10వ తేదీ వరకు పీల్చుకునే గడువు. 10 నుంచి 17 వరకు గమనింపు, బయటి గోడలు పొడిగా ఉన్నాయి (పేజీలు 10 నుంచి 13, ఏఈ గారి సంతకాలతో). 18-3-2025న జాయింట్ తనిఖీ జరిగింది (జత 2). ఈఈ గారి ఆమోద లేఖ తేదీ 21-3-2025 (జత 1). ఫిబ్రవరిలో జరిపిన మొదటి పరీక్షలో 19వ తేదీన అవుట్‌లెట్ పైపు కింద తడి కనబడింది. మరమ్మతు చేసి (జత 3) పరీక్షను మొదటి నుంచి మళ్లీ జరిపాము. రంగు, పిడుగు నిరోధక కడ్డీ ఐదో దశకు చెందినవి. వాటికి ఈ బిల్లులో ఏమీ కోరలేదు.”

గమనించారా, ఆమోద లేఖ తేదీలో చివరిది, జతల్లో మాత్రం మొదటిది. ఫైలు తెరవగానే ఆ సంతకం కనబడాలి. ప్రతి వాక్యం పక్కన కాగితం పేరు, పేజీ ఉన్నాయి. “జతపరచిన పత్రాలు చూడగలరు” అని వదిలేస్తే వెతికే పని చదివేవారి మీద పడుతుంది, ఫైలు పక్కకు పోతుంది.

కింద లెక్క మూడు వరుసల్లో వేయండి. 48,00,000లో 20 శాతం 9,60,000. ఒప్పందం ప్రకారం రిటెన్షన్ 5 శాతం, 48,000. మిగిలేది 9,12,000. పన్నుల కోతలు చెల్లించే ఆఫీసు వేసుకుంటుంది, మీరు ఊహించి తీసేయవద్దు. జీఎస్టీ విడిగా వేయాలో, ధరలోనే కలిసి ఉందో ఒప్పందం చూసి అదే మాట రాయండి. పైన కోరిన అంకె, ఈ లెక్క మొదటి వరుసలోని అంకె, ఇన్వాయిస్ మీది అంకె మూడూ ఒక్క రూపాయి తేడా లేకుండా ఉండాలి. పైన మొత్తం 9,60,000 కోరి, ఇన్వాయిస్ మీద రిటెన్షన్ తీసిన అంకె వేసినందుకే వెనక్కి వచ్చే బిల్లులున్నాయి.

నోటు ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. ఇన్ని రోజుల్లో చెల్లించాలని ఒప్పందంలో గడువుంటే, ఆ లెక్క సాధారణంగా మొదలయ్యేది ఆ ముద్ర తేదీ నుంచి. మీలో కొందరు పాత నోట్లు తెచ్చుకున్నారు కదా, భోజనం తర్వాత అవి బల్ల మీద పెట్టండి. ముందు ఒప్పందంలోని షరతు వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు పైన రాసుకుని, అక్కడి నుంచి మొదలుపెడదాం.