దమ్ము కుదిరిన నాలుగో వారం

అందరికీ నమస్కారం. మీలో చాలామంది కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్నారు. ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరికి మీలాంటి వాళ్లు ఎక్కువగా వచ్చేది పరుగు మొదలుపెట్టిన నాలుగో వారంలో, ఐదో వారంలో. ఒళ్లంతా పులిసిపోయే మొదటి వారంలో ఎవరూ రారు. అంతా బాగుందని అనుకున్నాకే వస్తారు.

కిందటిసారి ఒక అబ్బాయి వచ్చాడు. వయసు 21, బరువు 70 కిలోలు. ఈవెంట్స్‌కి ఇంకా పది వారాలే ఉన్నాయని తెలియగానే, అంతవరకు పరుగు అలవాటే లేనివాడు తారురోడ్డు మీద రోజూ 3 కిలోమీటర్లు మొదలుపెట్టాడు. రెండు వారాలకు ఆయాసం తగ్గింది. మూడో వారంలో దూరం 5 కిలోమీటర్లు చేశాడు. నాలుగో వారంలో సాయంత్రం స్పీడు రౌండ్లు కూడా కలిపాడు. ఐదో వారంలో ఎడమ కాలిలో, మోకాలి కిందుండే పెద్ద ఎముక లోపలి అంచు మీద నొప్పి మొదలైంది.

అతని ఒళ్లు అతనికి అబద్ధమేమీ చెప్పలేదు. ఒంట్లో ఒక భాగం నిజంగానే సిద్ధమైంది. పరుగు మొదలైన ఒకటి రెండు వారాల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, నరాలు కండరాలను బాగా పనిచేయించడం నేర్చుకుంటాయి. ఆ తరవాత కొన్ని వారాల్లో కండరం కూడా బలపడుతుంది. దమ్ము, పిక్క బలం మనకు తెలుస్తాయి. ఎముక లోపల ఏం జరుగుతోందో మాత్రం నొప్పి వచ్చేదాకా తెలియదు.

5 కిలోమీటర్లంటే సుమారు 5000 అడుగులు, ఒక్కో కాలికి 2500. అడుగు పడ్డ ప్రతిసారీ నేల నుంచి వచ్చే తాకిడి ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు. దానికి ఎముకలో కంటికి కనిపించని చిన్న చిన్న చీలికలు వస్తాయి. అది మామూలే. వాటిని బాగుచేయడానికి ఒక రకం కణాలు వచ్చి, ముందు పాత ఎముకను తొలిచేస్తాయి. దానికి సుమారు మూడు వారాలు. తరవాత ఇంకో రకం కణాలు ఆ గుంతను నింపాలి. దానికి సుమారు మూడు నెలలు. నింపింది పూర్తిగా గట్టిపడటానికి ఇంకొన్ని నెలలు.

అంటే మూడు నుంచి ఐదో వారం మధ్య మీ ఎముకలో తవ్విన గుంతలు ఎక్కువ, పూడ్చినవి తక్కువ. పాత తారు తవ్వేసి కొత్తది ఇంకా వేయని రోడ్డు లాంటిది. సరిగ్గా అప్పుడే దమ్ము కుదిరి, మనం లారీల సంఖ్య పెంచుతాం.

ఇది సైన్యాల్లో పాత కథే. 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు, కవాతు చేసిన సైనికుల పాదాలు నొప్పితో వాచిపోవడం గురించి రాశాడు. 1895లో ఎక్స్‌రే కనిపెట్టాకే అది ఎముక చీలిక అని తెలిసింది.

ఇక టెండన్. మడమ వెనక తాడులా తగిలేదాన్ని మనం ‘నరం’ అంటాం కానీ అది నరం కాదు, పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టే తాడు. కండరం ఎర్రగా ఉంటే ఇది తెల్లగా ఉంటుంది, రక్త సరఫరా అంత తక్కువ. డెన్మార్క్ పరిశోధకులు 2013లో ఒక ఆశ్చర్యమైన విషయం బయటపెట్టారు. 1950, 60ల్లో అణు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14ను ఆనవాలుగా పెట్టుకుని చూస్తే, ఈ టెండన్ నడిమి భాగం సుమారు 17 ఏళ్ల వయసు దాకా తయారై, తరవాత దాదాపు మారడం లేదని తేలింది. వ్యాయామంతో టెండన్ గట్టిపడుతుంది, కానీ అది కొలతకు అందడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

వారానికి 10 శాతమే పెంచాలని మీరు వినే ఉంటారు. అది ఒక అలవాటు లెక్క, శరీర ధర్మం కాదు. నేనైతే శాతం కంటే ఆగడాన్ని నమ్ముతాను. దూరం, వేగం, రోజుల సంఖ్య, ఈ మూడింట్లో ఒకసారికి ఒకటే మార్చండి. మార్చాక రెండు వారాలు ఇంకేదీ పెంచకండి.

రాత్రి కాలి ఎముక లోపలి అంచు వెంట వేలితో నొక్కి చూసుకోండి. జానెడు పొడవునా నొప్పి ఉంటే పరుగు బాగా తగ్గించాలి. ఒకే చోట, వేలి కొన అంత జాగాలో చురుక్కుమంటే, లేదా పడుకున్నప్పుడు కూడా లాగుతుంటే, ఆ రోజే పరుగు ఆపి డాక్టరుకు చూపించండి. నొప్పి మొదలైన రెండు మూడు వారాల దాకా ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఎమ్మారైలో తెలుస్తుంది. టెండన్ తీరు వేరు. పరిగెడుతుంటే నొప్పి తగ్గిపోయి, మర్నాడు లేవగానే మడమ వెనక బిగుసుకుంటుంది. దాన్ని మర్నాటి పొద్దుటి బిగుతుతోనే కొలవాలి.

ఆ అబ్బాయి ఎక్స్‌రే బాగానే వచ్చింది. ఎమ్మారైలో చీలిక కనిపించింది. ఎనిమిది వారాలు పరుగు బంద్, ఈవెంట్స్ పోయాయి. అవే పది వారాలను నేనైతే ఇలా ఇచ్చేవాణ్ని. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, నడక కలుపుకుంటూ కిలోమీటరున్నర పరుగు. మూడో వారం 2 కిలోమీటర్లు. నాలుగో వారం, దమ్ము ఎంత బాగున్నా, మళ్లీ కిలోమీటరున్నర. ఐదు, ఆరు వారాల్లో రెండున్నర. ఏడో వారం నుంచి దూరం పెంచకుండా, వారంలో ఒక్కరోజు 400 మీటర్ల స్పీడు రౌండ్లు నాలుగు. పదో వారం సగం పరుగు. మొదటి నుంచీ వారానికి రెండుసార్లు మెట్టు అంచున నిలబడి మడమలు మెల్లగా లేపి దించడం. 1600 మీటర్లకు అతనికి అంతకు మించి అవసరం లేదు.