ఆరుగురున్న తరగతికి బెల్ కర్వ్ పెడితే ఏమవుతుంది?

ముందు ప్రశ్న చదువుతాను.

"సార్, మాది భీమవరం దగ్గర ఆటానమస్ కాలేజీ. ఎంటెక్ ఎలెక్టివ్‌లో ఆరుగురే పిల్లలు. అందరికీ లాగే వీళ్ళకీ రిలేటివ్ గ్రేడింగే వెయ్యమన్నారు. ఎక్సెల్‌లో వేస్తే గ్రేడ్లు అడ్డదిడ్డంగా వస్తున్నాయి. నేనెక్కడ తప్పు చేస్తున్నాను?"

మీరేం తప్పు చెయ్యలేదు మేష్టారూ. ఎక్సెల్ కూడా చెయ్యలేదు. తరగతిలో మిగతావాళ్ళతో పోల్చి గ్రేడు వేసే ఈ బెల్ కర్వ్ పద్ధతే ఆరుగురి మార్కుల మీద నిలబడదు. ఎందుకు నిలబడదో ఒక్క మార్కుల జాబితా పెట్టుకుని చూద్దాం.

గ్రేడ్ల గీతలు కాలేజీని బట్టి కొంచెం మారతాయి. ఇక్కడ తరచుగా కనపడే గీతలే తీసుకుంటున్నాను. తరగతి సగటు తీస్తాం, స్టాండర్డ్ డీవియేషన్ తీస్తాం. సగటుకి ఒకటిన్నర డీవియేషన్లు పైన ఉంటే ఎస్. అర డీవియేషన్ పైన ఉంటే ఏ. సగటుకి అటూ ఇటూ అర డీవియేషన్ లోపుంటే బీ. అక్కణ్ణించి కిందికి ఒక్కో అరకీ సీ, డీ, ఈ. రెండు డీవియేషన్ల కన్నా కిందికి జారితే ఎఫ్, అంటే ఫెయిల్.

ఇప్పుడు ఆరుగురి మార్కులు: 78, 76, 75, 74, 73, 56. ఇవి లెక్క కోసం నేను వేసుకున్నవి, ఎవరివీ కావు. మొత్తం 432, సగటు సరిగ్గా 72. ఇక డీవియేషన్ కావాలి. ఎక్సెల్‌లో దానికి రెండు ఫార్ములాలున్నాయి:

```
=STDEV.S(B2:B7)
=STDEV.P(B2:B7)
```

మొదటిది తేడాల వర్గాల మొత్తాన్ని ఐదుతో భాగిస్తుంది, రెండోది ఆరుతో. మొదటిది వేస్తే 8.02 వస్తుంది, రెండోది వేస్తే 7.33. చిన్న తేడాలాగే ఉందిగా? గ్రేడ్లు చూడండి.

మొదటి ఫార్ములాతో 'ఏ' గ్రేడు గీత 76.01 దగ్గర పడుతుంది. 76 వచ్చిన పిల్లకి బీ. రెండోదానితో గీత 75.66 దగ్గరుంటుంది, అదే పిల్లకి ఏ. అదైనా సర్దుకోవచ్చు. కింద ఉన్న 56 సంగతి చూడండి. మొదటి ఫార్ములాతో ఫెయిల్ గీత 55.95, కాబట్టి ఆ కుర్రాడు 'ఈ' గ్రేడుతో గట్టెక్కాడు. రెండోదానితో గీత 57.35కి లేచింది, కాబట్టి ఫెయిల్. పేపరు అదే, మార్కులు అవే, దిద్దినవాళ్ళూ వాళ్ళే. ఫార్ములాలో చివరి అక్షరం ఎస్సా పీయా అన్నదాన్ని బట్టి ఒక మనిషి సెమిస్టర్ తేలిపోతోంది. కాలేజీ నిబంధనల్లో ఏ ఫార్ములా వాడాలో రాసి ఉందో లేదో ఒకసారి చూడండి. "స్టాండర్డ్ డీవియేషన్" అని మాత్రమే రాసి ఉంటే, ఫైలు తయారుచేసినవాళ్ళ అలవాటే చెల్లుతుంది.

అరవై మంది ఉన్న బీటెక్ సెక్షన్లో ఈ గొడవ రాదు. యాభై తొమ్మిదితో భాగించినా అరవైతో భాగించినా డీవియేషన్లో తేడా ఒక శాతం కూడా ఉండదు. ఆరుగురి దగ్గర అదే తేడా తొమ్మిదిన్నర శాతం.

సరే, ఫార్ములా ఒకటే ఖాయం చేశామనుకుందాం, మొదటిదే. ఇప్పుడు ఆ 56 వచ్చిన కుర్రాడు హాజరు చాలక పరీక్షకే కూర్చోలేదనుకోండి. మిగతా ఐదుగురి మార్కుల్లో ఒక్క అంకె కూడా మారలేదు. కానీ సగటు 72 నుంచి 75.2కి వెళ్ళింది, డీవియేషన్ 8 నుంచి 1.92కి పడిపోయింది. ముందు 73కి బీ వచ్చింది, ఇప్పుడు డీ. 74కి బీ పోయి సీ వచ్చింది. తోటి విద్యార్థి హాల్లోకి రాకపోతే ఈ పిల్లలు రెండు మెట్లు, ఒక మెట్టు దిగిపోయారు. వాళ్ళొచ్చి "మా తప్పేంటి సార్?" అనడిగితే చెప్పడానికి జవాబు ఉండదు.

ఇప్పటిదాకా చెప్పినవి ఆ ఆరు అంకెల్లో వచ్చిన తిరకాసులు. ఇంకా లోతైన చిక్కు వేరే ఉంది. అది ఏ అంకెలు వేసినా పోదు.

తరగతిలో ఎవరైనా సగటుకి ఎంత దూరం వెళ్ళగలరు అన్నదానికి ఒక హద్దుంది. మొదటి ఫార్ములా ప్రకారం, మనుషుల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, వచ్చినదాన్ని మొత్తం మనుషుల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే ఆ హద్దు వస్తుంది, డీవియేషన్లలో. ముగ్గురుంటే హద్దు 1.15. ఎస్ గీతేమో 1.5 దగ్గరుంది. అంటే ముగ్గురున్న తరగతిలో ఒకడు నూటికి నూరు తెచ్చుకుని, మిగతా ఇద్దరూ సున్నా తెచ్చుకున్నా సరే, వాడికి ఎస్ రాదు. ఎంత చదివినా రాదు. నలుగురుంటే హద్దు సరిగ్గా 1.5. మిగతా ముగ్గురికీ ఒకే మార్కు వస్తేనే నాలుగోవాడికి ఎస్.

ఐదుగురుంటే హద్దు 1.79. ఫెయిల్ గీత రెండు దగ్గరుంది కాబట్టి ఐదుగురి తరగతిలో ఎవరూ ఫెయిలవ్వరు. నలుగురికి 90 వచ్చి ఐదోవాడు తెల్లకాగితం ఇచ్చి వెళ్ళాడనుకోండి. సగటు 72, డీవియేషన్ 40.25. ఫెయిల్ గీత మైనస్ ఎనిమిదిన్నర మార్కుల దగ్గర పడుతుంది! సున్నా దానికి పైనే ఉంది, కాబట్టి పాస్.

ఆరుగురైతే హద్దు 2.04. గీత దాటడానికి ఇప్పుడు సందు దొరికింది, కానీ ఎలా దొరికిందో చూడండి. ఐదుగురికి 90, ఒకరికి 89. డీవియేషన్ అర మార్కు కూడా లేదు, 0.41. ఆ 89 సగటుకి 2.04 డీవియేషన్ల కింద ఉంది. కర్వ్ లెక్కలో ఎఫ్. ఆ 89 బదులు 60 వేసినా 10 వేసినా అదే 2.04 వస్తుంది. ఆరుగురిలో ఐదుగురు ఒకే మార్కు దగ్గరుంటే ఆరోవాడు ఎంత వెనకబడ్డాడన్నది ఈ పద్ధతికి కనిపించనే కనిపించదు.

చాలాచోట్ల దీనికి కట్టు కట్టి ఉంచుతారు, కనీస మార్కులు రాకపోతే కర్వ్ ఏం చెప్పినా ఫెయిల్ అని. తెల్లకాగితం సంగతి దానితో తీరుతుంది. 89 సంగతి తీరదు. దానికి ఎదురు నిబంధన కూడా ఉండాలి, పాస్ మార్కు దాటినవాణ్ణి కర్వ్ ఫెయిల్ చెయ్యకూడదని. మొదటిది రాసుకుని రెండోది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

అసలు బెల్ కర్వ్ ఎందుకు పుట్టుకొచ్చింది? ఒక ఏడు పేపరు కష్టంగా వస్తుంది, ఇంకో ఏడు తేలిగ్గా వస్తుంది. పిల్లల స్థాయి మాత్రం ఏటా దాదాపు ఒకటే ఉంటుందన్న నమ్మకంతో, సగటు పడిపోతే పేపరుదే తప్పు అనుకుని గీతలు దించుతాం. అరవై మందికి ఆ నమ్మకం చెల్లుతుంది. విద్యార్థుల మధ్య డీవియేషన్ పది మార్కులనుకుంటే, అరవై మంది సగటు బ్యాచ్ మారినందువల్ల మాత్రమే ఊగేది 1.3 మార్కులు. ఆరుగురి సగటు ఊగేది నాలుగు మార్కులు. కాబట్టి ఈ ఏడు సగటు నాలుగు మార్కులు తగ్గితే పేపరు కష్టమా, వచ్చిన ఆరుగురే అలాంటివాళ్ళా, చెప్పలేం. డీవియేషన్ సంగతి ఇంకా ఘోరం. ఆరుగురి నుంచి లెక్కేసిన డీవియేషన్లో ముప్ఫై శాతం పైగా అటూ ఇటూ పోవడం మామూలే. గీతలన్నీ దాని మీదే వేలాడుతున్నాయి.

మన వైపు రొయ్యల చెరువు చూసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. వలలో పడ్డ ఆరు రొయ్యలు తూచి చెరువంతటికీ కౌంట్ చెప్పేస్తే కొనేవాడూ ఒప్పుకోడు, అమ్మేవాడూ ఒప్పుకోడు.

పైగా ఎలెక్టివ్‌లో చేరే ఆరుగురు ఎలా చేరతారు? ఆ సబ్జెక్టు మీద ఇష్టం ఉండో, గైడ్ చెప్పాడనో, ప్రాజెక్టుకి పనికొస్తుందనో. వాళ్ళు బ్యాచ్‌కి నమూనా కారు. ఆరుగురూ గట్టివాళ్ళే కావచ్చు. కర్వ్ మాత్రం వాళ్ళలోంచే ఒకణ్ణి కిందకి తోస్తుంది.

మరి ఏం చెయ్యాలి? నా ఉద్దేశంలో, ముప్ఫై మంది లోపు తరగతికి ముందే ప్రకటించిన మార్కుల గీతలు వాడాలి. ముప్ఫై అన్నది చట్టమేం కాదు, కొన్నిచోట్ల పది పెడతారు, కొన్నిచోట్ల ఇరవై. కానీ పది దగ్గర కూడా డీవియేషన్ ఇంకా ఇరవై శాతం పైనే ఊగుతుంది. యూజీసీ ఇచ్చిన సీబీసీఎస్ మార్గదర్శకాలు రిలేటివ్ పద్ధతినీ, ఇలా ముందే గీతలు ప్రకటించే అబ్సొల్యూట్ పద్ధతినీ రెండిటినీ చెప్పాయి. చిన్న తరగతికి రెండోది వాడితే పై నుంచి అభ్యంతరం వస్తుందేమో అని బెంగ పెట్టుకోనక్కర్లేదు.

"పేపరు నిజంగానే కష్టంగా వస్తే ఎలా?" అంటారు. అప్పుడు పిల్లల్ని కాదు, ప్రశ్నల్ని చూడండి. ఆరుగురి జవాబు పత్రాలు పరిచి ఒక్కో ప్రశ్నకీ ఎంతెంత వచ్చాయో వరసలు గీయండి. అరగంట పని. మిగతా చోట్ల బాగా రాసిన ఆరుగురూ ఒకే పది మార్కుల ప్రశ్న దగ్గర రెండూ మూడూ తెచ్చుకున్నారంటే, ఆ ప్రశ్న సిలబస్ దాటి ఉంటుంది, లేదా డేటాలో ఏదో తప్పు ఉంటుంది. ఆ ప్రశ్న తీసేసి 90కి దిద్ది నూటికి మార్చండి. కాదంటే అందరికీ ఒకే సంఖ్య కలపండి. ఒకే సంఖ్య కలిపితే ఇద్దరి మధ్య దూరం మారదు. డీవియేషన్‌తో సాగదీస్తేనే ఒక మార్కు తేడా కాస్తా రెండు గ్రేడ్లయి కూర్చుంటుంది.

రిలేటివ్ తప్పదని పట్టుబడితే ఇంకో దారుంది. గత నాలుగైదు బ్యాచ్‌ల మార్కులు కలిపి సగటు, డీవియేషన్ తీసి, ఆ గీతలు ఈ ఆరుగురికి వాడండి. ముప్ఫై మంది దాకా కూడతారు. దీనికో షరతుంది. సిలబస్, పేపరు నమూనా, ఇంటర్నల్స్‌కి ఇచ్చే వాటా మారకుండా ఉండాలి. రెగ్యులేషన్ మారితే పాత మార్కులు పక్కన పెట్టాల్సిందే.

ఈ రెండిట్లో ఏది ఎంచుకున్నా, పరీక్షలయ్యాక కాదు, సెమిస్టర్ మొదలయ్యే వారంలోనే కోర్సు ప్రణాళికలో రాసి పెట్టండి. ఎంతమంది కన్నా తక్కువైతే ఏ పద్ధతి, లెక్కకి తలలు ఏ తేదీన లెక్కపెడతారు, మధ్యలో మానేసినవాళ్ళని కలుపుతారా లేదా, ఎక్సెల్‌లో `STDEV.S` వాడతారా `STDEV.P` వాడతారా. బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశంలో ఆ పేరా చదివించి మినిట్స్‌లో ఎక్కిస్తే పరీక్షల విభాగం వాళ్ళూ దాన్నే పట్టుకుంటారు.