పాత హెల్మెట్ అమ్మేటప్పుడు ఏం రాయాలి?

హోస్ట్: నమస్తే. ఈరోజు మనతో పర్లాకిమిడిలో బైక్ స్పేర్ పార్టుల షాపు నడిపే మా బాబాయి ఉన్నారు. గుణుపురం నుంచి ఒక శ్రోత రెండు హెల్మెట్ల ఫొటోలు పంపారు. వాట్సాప్ గ్రూపులో అమ్మాలట. మొదటిదానికి ఆయన రాసింది చదువుతాను: "ఐఎస్‌ఐ హెల్మెట్, ఎం సైజు, 2023లో కొన్నది, కొత్తదిలా ఉంది."

బాబాయి: కొత్తదిలా ఉందన్న మాట తీసెయ్యమ్మా. పైన మెరుపు చూసి ఏం చెప్పగలం? లోపలి స్టిక్కర్ ఫొటో ఉందా?

హోస్ట్: ఉంది బాబాయ్. తయారీ 2022 ఫిబ్రవరి. బిల్లు 2023 నవంబర్.

బాబాయి: చూశావా, ఇరవై ఒక్క నెలలు ఎక్కడో షాపులోనో గోడౌన్‌లోనో ఉంది. అక్కడ ఎండ తగిలిందో లేదో మనకెలా తెలుస్తుంది? అందుకే పాత హెల్మెట్‌కి వయసు తయారీ నెల నుంచే లెక్కపెట్టమంటాను. మామూలుగా ఐదేళ్లకి మార్చమంటారు. అది చట్టం కాదు, జాగ్రత్త లెక్క. చెమట, తలనూనె, ఎండ కలిసి జిగురునీ పట్టీనీ పాడుచేస్తాయి. కొందరు డొప్పని పెట్రోలుతో తుడుస్తారు, అది ఇంకా ఘోరం. ప్లాస్టిక్ డొప్ప పెళుసెక్కిపోతుంది.

హోస్ట్: ఐఎస్‌ఐ గుర్తు ఉంటే చాలు కదా?

బాబాయి: గుర్తు ఒక్కటే చూస్తే లాభం లేదు. దాని పైన IS 4151 అనీ, కింద CM/L అనే అక్షరాల తర్వాత లైసెన్స్ నంబరూ ఉండాలి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో వస్తుంది. హెల్మెట్ మీద పేరు ఒకటి, యాప్‌లో ఇంకొకటి ఉంటే అనుమానించాల్సిందే. 2021 జూన్ 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని బైక్ హెల్మెట్ తయారుచేయడం, అమ్మడం కుదరదు. కాని ఆ గుర్తు ఫ్యాక్టరీ దాటిననాటి మాట. తర్వాత ఎన్నిసార్లు పడిందో అది చెప్పదు.

హోస్ట్: పడిందట బాబాయ్. బండి అద్దానికి తగిలించి ఉంటే ఒకసారి జారి కింద పడిందట. వెనక చిన్న గీత ఉంది.

బాబాయి: ఖాళీగా పడిందా, తల లోపల ఉండగానా అన్నది అసలు ప్రశ్న. డొప్ప లోపల థర్మాకోల్ లాంటి గట్టి పొర ఉంటుంది. ప్రమాదంలో నాలుగున్నర, ఐదు కేజీల తల లోపలి నుంచి దాన్ని నొక్కుతుంది. ఆ పొర నలిగి దెబ్బని మింగుతుంది. ఒకసారి నలిగితే మళ్లీ లేవదు, ఆ చోట రెండోసారి పనిచేయదు. ఖాళీ హెల్మెట్ పడితే లోపల తల లేదు కాబట్టి అంత నలగదు. అయినా చూడకుండా అమ్మకూడదు. లోపలి గుడ్డ విప్పి, లైటు వేసి చూడమను. పగులుందా? ఎక్కడైనా నున్నగా, చదునుగా దిగిపోయిందా? కుడి పక్కకీ ఎడమ పక్కకీ తేడా ఉందా? కింది అంచులు రెండు చేతులతో మెల్లగా నొక్కితే కిర్రుమంటుందా? డొప్ప మీద స్టిక్కర్లు అంటించి ఉంటే వాటి కింద కూడా చూడాలి.

హోస్ట్: అవన్నీ చూశారట, ఏమీ లేవు. చెంపల దగ్గర మెత్త మాత్రం నలిగింది.

బాబాయి: ఆ మెత్త దెబ్బని ఆపేది కాదు, తలని కదలకుండా పట్టుకునేది. కాని దాంతో సైజు మాట మారిపోతుంది. స్టిక్కర్ మీద 580 మిల్లీమీటర్లు అని ఉంది కదా, అంటే 58 సెంటీమీటర్ల తల. మెత్త అణిగాక అదే తలకి వదులవుతుంది. కొనేవాడు కనుబొమ్మలకి కొంచెం పైన టేపు చుట్టి కొలుచుకోవాలి. పెట్టుకుని పట్టీ బిగించి హెల్మెట్‌ని అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం దాంతోపాటే కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వద్దు. వెనక అంచు పట్టి ముందుకి నెట్టినా ఊడి రాకూడదు.

హోస్ట్: అయితే ఇలా రాయనా? "IS 4151, CM/L నంబరు ఫొటోలో. తయారీ 2022 ఫిబ్రవరి. సైజు 580, చెంపల మెత్త అణిగింది, పెట్టి చూసి కొనండి. ఒకసారి ఖాళీగా కింద పడింది, వెనక గీత, లోపల పగుళ్లు కనిపించలేదు."

బాబాయి: "కనిపించలేదు" అన్నావు, అది బాగుంది. లేవు అని రాయొద్దు, కంటికి కనబడని నలుగుడు కూడా ఉంటుంది.

హోస్ట్: రెండోది బరంపురం వెళ్లేదారిలో బండి పడినప్పుడు వాళ్ల తమ్ముడి తల మీద ఉన్నదట. పైకి ఒక్క గీతే, సగం ధరకి ఇస్తానంటున్నారు.

బాబాయి: దానికి ధరే లేదమ్మా. ఊరికే కూడా ఇవ్వొద్దు. పాతసామాన్ల బండికి వేసే ముందు పట్టీ కోసెయ్యమను. లేకపోతే ఎవడో ఏరి కడిగి మళ్లీ అమ్ముతాడు.