నెలకు 40 గంటల రిటైనర్: బెజవాడ నుంచి వర్చువల్ అసిస్టెంట్ పని, అసలు లెక్క

నమస్తే అండి. విజయవాడలోనో గుంటూరులోనో ఇంట్లో కూర్చుని, అమెరికాలో ఒక చిన్న షాపుకి దూరం నుంచే పనులు చూసిపెట్టే వర్చువల్ అసిస్టెంట్‌గా నెల రిటైనర్ మీద, అంటే నెలకిన్ని గంటలని ముందే డబ్బు తీసుకుని చేసే పని ఎలా ఉంటుందో ఈ రోజు చూద్దాం. ఒహాయోలో ఒకావిడ ఇంటి అలంకరణ సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు అనుకోండి. నెలకు 40 గంటలు, గంటకు 8 డాలర్లు, మొత్తం 320. ఈ రేటు లెక్క కోసం నేను పెట్టింది, మీ రేటు మీరు వేసుకోండి.

ఇందులో ఒక చిల్లు ఉంది. ఆవిడ ఫోన్లో ఏమంటారంటే, "వారానికి పది గంటలు, అంటే నెలకు నలభై". మనం సరేనంటాం. కానీ నెలంటే సరిగ్గా నాలుగు వారాలు కాదు కదండీ! వారానికి 10 చొప్పున 52 వారాలకు 520 గంటలు. నెలకు 40 చొప్పున 12 నెలలకు 480. అంటే ఏడాదిలో ఒక నెల పని ఊరికే చేసిపెట్టినట్టు. అందుకే ఒప్పందంలో "వారానికి" అన్న మాటే రానివ్వకండి. వారం లెక్కే కావాలంటే నెలకు 43 గంటల 20 నిమిషాలు, దాదాపు 347 డాలర్లు అడగాలి.

రెండో చిల్లు చిన్న చిన్న మెసేజ్‌లు. "ఆ పార్సిల్ ఎక్కడుంది, ఒకసారి చూడవా" అంటారు. మూడు నిమిషాల పనే. అలాంటివి రోజుకి పది వస్తే అరగంట, 22 పనిరోజులకు 11 గంటలు. నలభైలో పావు వంతుకు పైగా అక్కడే పోయింది. Clockify లాంటి టైమర్ పెట్టుకుని, ఎంత చిన్న పనైనా కనీసం 6 నిమిషాలుగా రాస్తామని ముందే చెప్పాలి. 32 గంటలు దాటిన రోజునే "ఇంకా 8 మిగిలాయి" అని ఒక మెయిల్ పెట్టండి. నెలాఖర్లో చెబితే అది గొడవ.

మిగిలిన గంటల సంగతి కూడా రాసుకోవాలి. తర్వాతి నెలకు 5 గంటల దాకా మాత్రమే, ఆ నెల దాటితే లేవు. ఈ షరతు లేకపోతే ఆవిడ మూడు నెలల గంటలు దాచిపెట్టి, నవంబర్ సేల్స్ హడావుడిలో ఒకేసారి 70 గంటలు అడుగుతారు.

ఇక టైమ్. మన గడియారం ఏడాదంతా ఒకటే, వాళ్లది మారుతుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా ఒహాయోలో ఉదయం 9 అంటే మనకు సాయంత్రం 6:30. ఆ తర్వాత 7:30. మీటింగ్‌ని క్యాలెండర్లో మన టైమ్ జోన్‌తో పెట్టారనుకోండి, నవంబర్లో మనకు 6:30 గానే కనబడుతుంది, ఆవిడకు మాత్రం ఉదయం 8 అయిపోతుంది. ఆవిడ రారు, మనం ఎదురుచూస్తూ కూర్చుంటాం. అందుకే మీటింగ్ ఎప్పుడూ క్లయింట్ టైమ్ జోన్‌లోనే పెట్టాలి. "శుక్రవారం సాయంత్రానికి ఇవ్వు" అన్నా అంతే. వాళ్ల 5 గంటలంటే వేసవిలో మనకు శనివారం తెల్లవారుజామున 2:30.

రాత్రంతా మేలుకోవాలా అని చాలామంది అడుగుతారు. ఈ పనికి అక్కర్లేదు. రోజుకి దాదాపు రెండు గంటల పనిని రెండు ముక్కలు చేయండి. పొద్దున ఒక గంట, అప్పుడు అక్కడ రాత్రి. మెయిల్స్ అన్నీ చూసి, మనం జవాబివ్వాల్సినవి, ఆవిడే చూడాల్సినవి విడదీసి పెడితే, ఆవిడ లేచేసరికి ఇన్‌బాక్స్ శుభ్రంగా ఉంటుంది. సాయంత్రం ఒక గంట ఆవిడతో మాట్లాడే పనులకు. మన ఎండాకాలంలో సరిగ్గా ఆ గంటలోనే కరెంట్ పోతుంది, రౌటర్‌ని ఇన్వర్టర్‌కి కలపడం మర్చిపోకండి.

పొద్దున గంటలో ఒక ఇబ్బంది ఉంది. పగిలిన కూజా వచ్చిందని ఎవరో డబ్బు వెనక్కి అడుగుతారు, ఆవిడ నిద్రలో ఉంటారు. అడిగి చేద్దామంటే ఒక రోజు ఆలస్యం, కస్టమర్‌కి కోపం. మొదటి వారంలోనే ఒక హద్దు పెట్టించుకోండి: ఫోటో ఉంటే 25 డాలర్ల లోపు రీఫండ్ అడక్కుండానే చేస్తాను, దాటితే మీకోసం ఆపుతాను అని.

పాస్‌వర్డ్ మాత్రం తీసుకోకండి. ఒహాయో ఖాతాని బెజవాడ నుంచి తెరిస్తే గూగుల్ అనుమానించి ఆపేయొచ్చు, కోడ్ ఆవిడ ఫోన్‌కి వెళుతుంది, ఆవిడేమో నిద్రలో. జీమెయిల్ సెట్టింగ్స్‌లో Grant access to your account అని ఉంటుంది, దాంట్లో మీ జీమెయిల్ కలిపించుకుంటే మీ లాగిన్‌తోనే ఆవిడ ఇన్‌బాక్స్ చూడొచ్చు, జవాబివ్వొచ్చు.

డబ్బు నెల మొదట్లోనే రావాలి, రిటైనర్ అంటే అదే. బ్యాంకు వైర్‌లో పంపితే మధ్యలో బ్యాంకులు ఛార్జీలు కోసుకుని 320 కాస్తా తగ్గి చేరొచ్చు, ఆ ఛార్జీ ఎవరిదో ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి. మన బ్యాంకు ఆ డబ్బు దేనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ అడుగుతుంది, ఇన్వాయిస్ మీద ఏ సేవ చేశారో రాసి ఉంటే చెప్పడం తేలిక. డబ్బు విదేశం నుంచి వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే కాగితాన్ని ప్రతి నెలా దాచండి, రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్ మొదట అడిగేది దాన్నే.