జేబులోంచి పోని తరుగుదల క్యాష్ ఫ్లోని ఎందుకు మారుస్తుంది? డిప్రిసియేషన్ ట్యాక్స్ షీల్డ్

అందరికీ నమస్కారం. ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశాను, కనిపిస్తోంది కదా. ఇన్‌పుట్స్ చకచకా కొట్టేస్తాను. మెషీన్ ఖరీదు 1,000, నాలుగేళ్లు పనిచేస్తుంది, చివర్లో అమ్మితే ఏమీ రాదు. ఏటా తరుగుదల 250, పన్ను రేటు 30 శాతం, అది B1లో ఉంది. అమ్మకాల నుంచి నగదు ఖర్చులు తీసేస్తే ఏటా 400 మిగులుతుంది, అది C4. తరుగుదల C5.

ఇప్పుడు అసలు ప్రశ్న. 250 తరుగుదల అని రాశాం, కానీ ఆ 250 ఈ ఏడాది ఎవరికీ ఇవ్వలేదు, మెషీన్ కొన్నరోజే 1,000 మొత్తం ఇచ్చేశాం. మరి క్యాష్ ఫ్లోలో దానికేం పని? నేరుగా ఏ పనీ లేదు. పన్ను లెక్కలో మాత్రం ఉంది. తరుగుదల లేదనుకోండి, 400 మీద పన్ను 120, చేతిలో 280. తరుగుదల తీసేస్తే లాభం 150కి దిగుతుంది, పన్ను 45, చేతిలో 355. వచ్చిన డబ్బు అదే 400, మారింది పన్ను చెక్కు ఒక్కటే. ఆ తేడా 75, అంటే 250లో 30 శాతం. ట్యాక్స్ షీల్డ్ అంటే ఈ 75, 250 కాదు.

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే నేను మొదట్లో తప్పు చేసింది సరిగ్గా ఇక్కడే. ఈ 355 రావడానికి రెండు దారులున్నాయి, స్క్రీన్ మీద చూడండి.

```
=(C4-C5)*(1-$B$1)+C5
=C4*(1-$B$1)+C5*$B$1
```

మొదటి దాంట్లో తరుగుదల తీసేశాకే పన్ను లెక్కగట్టాం, నికర లాభం 105 వచ్చింది, నగదుగా పోని 250ని మొత్తం తిరిగి కలిపాం. రెండో దాంట్లో తరుగుదల అసలు తీయలేదు, కాబట్టి 280కి షీల్డ్ 75 మాత్రమే కలిపాం. రెండూ 355. నేను ఈ రెంటినీ కలగలిపేశాను. 280 తీసుకుని దానికి 250 కలిపాను, 530 వచ్చింది, ప్రాజెక్టు బ్రహ్మాండంగా కనిపించింది, చాలాసేపు అసలు అనుమానమే రాలేదు. తర్వాత తెలిసింది, వచ్చిన డబ్బే 400 అయితే చేతిలో 530 ఎలా మిగులుతుంది అని. అప్పట్నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాను: వచ్చిన నగదు 400, నిజంగా కట్టిన పన్ను 45, తీసేస్తే 355, ఫార్ములా ఏం చెప్పినా ముందు ఇలా చేతి లెక్కతో సరిచూస్తాను. 105కి 75 కలిపి 180 రాసేవాళ్లూ ఉంటారు, అదీ ఈ చెక్‌లో వెంటనే దొరికిపోతుంది.

అన్నట్టు, ఆ డాలర్ గుర్తులు నేను టైప్ చేయను, సెల్ పేరు మీద కర్సర్ ఉంచి F4 నొక్కితే అవే వస్తాయి. పన్ను రేటు ఎప్పుడూ ఒకే సెల్‌లో ఉంచండి, ఫార్ములాలో 30 అని చేత్తో రాయొద్దు.

సరే, ఈ 355ని C10లో పెట్టి F10 దాకా కుడివైపుకి లాగేశాను, నాలుగేళ్లూ 355. డిస్కౌంట్ రేటు 10 శాతం, మొదటి పెట్టుబడి మైనస్ 1,000 B10లో.

```
=NPV(10%,C10:F10)+B10
```

B10ని బయట కలిపాను చూడండి, ఎందుకంటే ఎక్సెల్ NPV లోపల ఇచ్చిన మొదటి అంకెనే ఏడాది తర్వాత వచ్చినట్టు లెక్కేస్తుంది. జవాబు, అంటే ప్రాజెక్టు నికర నేటి విలువ, దాదాపు ప్లస్ 125. ఇప్పుడు షీల్డ్ తీసేసి, 355 బదులు 280 పెడతాను... మైనస్ 112. చూశారా, నాలుగేళ్ల 75ల నేటి విలువ 238 దాకా ఉంది, దాన్ని వదిలేస్తే చేయాల్సిన ప్రాజెక్టుని వద్దనేవాళ్లం. ఈ 250 మాత్రం పన్ను చట్టం ఒప్పుకునే తరుగుదల అయ్యుండాలి, మన ఖాతా పుస్తకాల్లోది వేరే అంకె అయితే అది ఇక్కడ పనికిరాదు.

ఇంకొక్కటి, C4లో 400 బదులు 100 కొడుతున్నాను. ఫార్ములా 145 అంటోంది. వచ్చింది 100 అయితే 145 ఎలా? 150 నష్టం మీద పన్ను శాఖ 45 తిరిగిస్తున్నట్టు ఫార్ములా అనుకుంటోంది. కంపెనీకి వేరే వ్యాపారాల్లో లాభం ఉండి, ఈ నష్టాన్ని అందులో సర్దుకోగలిగితే ఆ 145 నిజమే, అక్కడ పన్ను తగ్గుతుంది. ఈ ప్రాజెక్టు తప్ప ఇంకేమీ లేకపోతే మాత్రం ఇలా మార్చండి.

```
=C4-MAX(0,C4-C5)*$B$1
```

ఇప్పుడు 100 వచ్చింది. మిగిలిన 150 నష్టాన్ని రాబోయే సంవత్సరాలకు తీసుకెళ్లడానికి చట్టం ఒప్పుకుంటే, కింద ఒక వరుస వేసి లాభం వచ్చిన ఏడాదిలో తీసేయండి. షీల్డ్ అప్పుడు అందుతుంది, కానీ ఆలస్యంగా, కాబట్టి నేటి విలువ 45 కంటే తక్కువే ఉంటుంది.